అతికించిన బొమ్మ నేపథ్యంలో కలిసిపోవాలంటే

స్టూడియోలో తెల్లని ఫ్లాష్ వెలుగులో తీసిన మనిషి బొమ్మను కత్తిరించి, సాయంత్రపు సముద్రతీరం ఫొటో మీద పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. ఫొటోషాప్‌లో ముందు సరిచూడవలసినవి వెలుగునీడలు. అన్నిటికన్నా పైన తాత్కాలికంగా నలుపు తెలుపు లేయర్ వేస్తే రంగులు చూపును తప్పుదారి పట్టించవు. తీరంలోని ముదురు నీడలు బూడిదరంగులో ఉండి, మనిషి జుట్టు మాత్రం కారునలుపుగా ఉంటే, కర్వ్స్‌లో నలుపు కొసను కాస్త పైకి ఎత్తాలి.

తరువాత రంగు. మనిషి లేయర్‌కే క్లిప్ చేసిన కర్వ్స్‌లో ఎరుపును కొద్దిగా పెంచి, నీలాన్ని తగ్గిస్తే చర్మం ఎండ ఛాయకు వస్తుంది. నీడల్లో మాత్రం ఆకాశపు నీలం మిగలాలి. అంతటా ఒకే మార్పు చేస్తే కామెర్లు వచ్చినట్టుంటుంది. మామూలుగా చర్మంలో ఎరుపు విలువ ఎక్కువ, ఆకుపచ్చ మధ్యస్థం, నీలం తక్కువ. వెలుగు పడిన చెంప మీద నీలం ఆకుపచ్చను మించితే సవరణ దారి తప్పినట్టే.

చివరిది గ్రెయిన్. మసక వెలుగులో తీసిన తీరం గరుకుగా, స్టూడియో చర్మం నున్నగా ఉంటాయి. బొమ్మ సైజు ఖరారయ్యాక, 50 శాతం బూడిదరంగు లేయర్‌ను ఓవర్‌లేలో పెట్టి, నాయిస్ చేర్చి, రేణువుల పరిమాణం నేపథ్యంతో కలిసేలా కొద్దిగా బ్లర్ చేయాలి. 100 శాతం జూమ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తే చాలు. ఫ్లాష్ పడిన దిక్కు, సూర్యుడున్న దిక్కు వేరైతే మాత్రం ఈ సవరణలేవీ ఆ తేడాను దాచలేవు.