చిల్లర బాకీ: వసూలు చేయాలా, కొట్టివేయాలా?

బిల్లు సొమ్ము దాదాపుగా వచ్చేసి, కొద్ది రూపాయలు మాత్రం ఖాతాదారు పేరిట మిగిలిపోవడం వ్యాపారంలో మామూలే. ఉదాహరణకు విజయవాడలోని ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ దుకాణం రూ.24,618కి బిల్లు ఇచ్చింది. కొన్న షాపు రూ.24,600 బ్యాంకు ద్వారా పంపింది. మిగిలిన రూ.18 రావలసిన బిల్లుల జాబితాలో నెలల తరబడి అలాగే కనిపిస్తూ ఉంటుంది.

దాన్ని కొట్టివేసే ముందు తేడా ఎందుకు వచ్చిందో చూడాలి. కొన్నవారు టీడీఎస్ మినహాయించి ఉంటే అది నష్టం కాదు, పన్ను ఖాతాలో జమ అయ్యే సొమ్ము. దాన్ని రావలసిన టీడీఎస్ కింద రాసుకుని, ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో సరిచూసుకోవాలి. పగిలిన సరుకుకు విలువ తగ్గించి పంపితే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. రసీదు రాసేటప్పుడు గుమస్తా అంకె తప్పు వేసి ఉంటే ఆ రసీదునే సరిదిద్దాలి. ఇవేవీ కాక, కొన్నవారు చివరి చిల్లర వదిలేసి గుండు సంఖ్య పంపారని తేలినప్పుడే కొట్టివేత మాట వస్తుంది.

ఇక వసూలు ఖర్చు లెక్క. నెలకు రూ.18,000 జీతంతో 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేసే గుమస్తా గంటకు సుమారు రూ.87 ఖర్చు. ఖాతా తీసి చూసి, ఫోన్ చేసి, మళ్లీ గుర్తు చేయడానికి 20 నిమిషాలు పడితే దాదాపు రూ.29 అవుతుంది. రూ.18 రాబట్టడానికి రూ.29 పెట్టడం దండగ. అయితే ఖాతాదారు నెలనెలా సరుకు కొనేవారైతే ఆ ఖర్చు కూడా అక్కర్లేదు. పాత బాకీని తర్వాతి స్టేట్‌మెంట్‌లో చూపిస్తే చాలు. కాబట్టి కొట్టివేత ఎక్కువగా నప్పేది మళ్లీ రాని ఖాతాదారు విషయంలో, ఖాతా ముగించేటప్పుడు, మార్చి 31 నాటి లెక్కలు తేల్చేటప్పుడు.

పుస్తకాల్లో పద్దు సులువే. చిన్న బాకీల కొట్టివేత అనే ఖర్చు ఖాతాకు రూ.18 డెబిట్, ఖాతాదారుకు రూ.18 క్రెడిట్. ట్యాలీలో ఈ జర్నల్ ఎంట్రీ వేసేటప్పుడు `Agst Ref` ఎంచుకుని పాత బిల్లు నంబరుకే జత చేయాలి. లేకపోతే ఖాతా నిల్వ సున్నా అయినా, జాబితాలో ఒకవైపు బిల్లు బాకీగా, మరోవైపు జత కాని జమగా రెండూ మిగిలిపోతాయి. దివాలా తీసినవారి నుంచి రాకుండా పోయిన సొమ్మును రాని బాకీలు అనే ఖాతాలో రాస్తారు. చిల్లరను అందులో కలపకపోతే, నిజంగా మునిగిన బాకీ ఎంతో విడిగా తెలుస్తుంది.

జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు. పన్ను 18 శాతమైతే ఆ రూ.18లో సుమారు రూ.2.75 పన్నే. బాకీ రాలేదన్న కారణంతో జీఎస్టీ క్రెడిట్ నోట్ ఇచ్చి దాన్ని తగ్గించుకునే వీలు లేదు. అందువల్ల మొత్తం రూ.18 ఖర్చు కిందే రాసుకోవాలి.

చాలామంది ఈ పద్దుతోనే పని ముగిసిందనుకుంటారు. కానీ అమ్మినవారి పుస్తకంలో కొట్టివేసినంత మాత్రాన కొన్నవారి అప్పు తీరిపోదు. వారి లెక్కల్లో రూ.18 చెల్లించాల్సిన సొమ్ముగానే ఉంటుంది. ఆడిటర్లు నిల్వల ధ్రువీకరణ అడిగితే రెండు పుస్తకాలూ కలవవు. అప్పు ఇచ్చినవారు తమకు రావలసిన దాన్ని పూర్తిగా గానీ కొంత గానీ వదులుకోవచ్చని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 63వ సెక్షన్ చెబుతోంది. అలా వదులుకున్నట్టు రాతపూర్వకంగా తెలిపేదే ఖాతాదారుకు పంపే చిన్న చీటీ. అందులో బిల్లు నంబరు, తేదీ, మొత్తం ఉంటే చాలు:

"పై బిల్లులో మిగిలిన రూ.18ని మా లెక్కల్లో కొట్టివేశాం. ఈ బిల్లుపై మీరు చెల్లించాల్సింది ఇక ఏమీ లేదు. మీ పుస్తకాల్లో బాకీగా ఉంటే సరిచేసుకోగలరు."

దెప్పిపొడుపులూ, ఇకముందూ ఇలాగే వదిలేస్తామన్న ధ్వనీ చీటీలో ఉండకూడదు. ఒకే ఖాతాదారు ప్రతి బిల్లుకూ చిల్లర తగ్గించి పంపుతుంటే అది అలవాటు కింద లెక్క. అక్కడ కొట్టివేత ఆపి, మాట్లాడి తేల్చుకోవాలి.

ఈ సదుపాయం దుర్వినియోగమయ్యే ప్రమాదమూ ఉంది. నగదు వసూలు చేసే మనిషే కొట్టివేత పద్దూ వేయగలిగితే, పూర్తి సొమ్ము తీసుకుని కొంత జేబులో వేసుకుని, మిగతాది కొట్టివేసినట్టు చూపవచ్చు. ఖాతాదారుకు నేరుగా వెళ్లే చీటీ ఇక్కడా పనికొస్తుంది. మొత్తం కట్టినవారికి బాకీ కొట్టివేశామన్న కబురు అందితే వెంటనే అడుగుతారు. అందుకే గుమస్తా ఎంతవరకు కొట్టివేయవచ్చో యజమాని ముందే పరిమితి రాసి పెట్టాలి. నగదు ముట్టుకునేవారికి ఆ అధికారం ఇవ్వకూడదు. కొట్టివేతల ఖాతాను నెలకోసారి యజమానే స్వయంగా చూసుకోవాలి.