మోకాలు మళ్లీ మైదానానికి సిద్ధమేనా?

2019 జనవరి 27. జకార్తాలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్. సైనా నెహ్వాల్‌పై 10-4 ఆధిక్యంలో ఉన్న స్పెయిన్ షట్లర్ కరోలినా మారిన్ కుడి మోకాలు పట్టుకుని కూలబడింది. ఏసీఎల్ తెగింది. సర్జరీ చేయించుకుని సెప్టెంబరులో తిరిగొచ్చి, ఆ నెలలోనే చైనా ఓపెన్ గెలిచింది. 2021లో ఎడమ మోకాలికీ అదే గాయమైంది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ కుడి మోకాలే దెబ్బతింది. ఐదేళ్ల తర్వాత జరిగినదానికి అప్పటి పునరాగమనమే కారణమని చెప్పలేం. కానీ ‘ఆమె ఎనిమిది నెలల్లోపే ఆడిందిగా, నేనెందుకు ఆడకూడదు?’ అని అడిగే కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. క్యాలెండర్ చూసి మోకాలి బలం చెప్పలేం.

తెగిన ఏసీఎల్‌ను సాధారణంగా కుట్టి అతికించరు. తొడ వెనక కండరం నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో స్నాయువు ముక్క తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి బిగిస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. కొత్త చోట దానికి మొదట రక్తప్రసరణ ఉండదు. శరీరం అందులోకి రక్తనాళాలు పంపి, నెలల తరబడి దాన్ని లిగమెంట్‌గా మలుస్తుంది. ఈలోగా అది బిగించిన రోజుకన్నా బలహీనపడుతుంది. ప్రమాదమంతా ఇక్కడే. మూడో నెలకల్లా నొప్పి తగ్గి, మనిషి మామూలుగా నడిచేస్తాడు. లోపల గ్రాఫ్ట్ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది.

మొదటి రెండు వారాల్లో ఫిజియో చూసేవి మూడు: వాపు తగ్గుతోందా, మోకాలు రెండో కాలిలాగా పూర్తిగా చాపగలుగుతున్నారా, తొడ ముందు కండరం బిగుస్తోందా. కాలు చాపి పైకెత్తినప్పుడు మోకాలు కాస్త వంగిపోతే ఆ కండరం ఇంకా పట్టు అందుకోలేదన్నమాట. చాపడాన్ని అశ్రద్ధ చేస్తే మోకాలు బిగుసుకుపోయి కుంటు మిగులుతుంది. కుంటకుండా నడవగలిగాకే చేతికర్రలు పక్కన పెట్టాలి. ఆ తర్వాత కూర్చుని లేవడం, మెట్లెక్కడం, బరువులతో వ్యాయామాలు. పరుగు మొదలయ్యేది సాధారణంగా మూడు నెలలు దాటాకే, అదీ వాపు లేకుండా, తొడకు తగిన బలం వచ్చి ఉంటేనే. దూకి దిగడం, దిశ మార్చడం ఆ తర్వాతి మాట.

ఎంత ఆగాలి? డెలావేర్, ఓస్లో పరిశోధకులు 106 మందిని రెండేళ్లపాటు గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ, మళ్లీ గాయపడే రేటు దాదాపు సగానికి తగ్గింది. పరీక్షలన్నీ నెగ్గాక ఆడినవారిలో 5.6 శాతం మందికి మోకాలు మళ్లీ దెబ్బతింటే, నెగ్గకుండా దిగినవారిలో అది 38.2 శాతం.

ఆ పరీక్షల్లో ముఖ్యమైనది తొడ ముందు కండరం బలం. సర్జరీ అయిన కాలు రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలంటారు. అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉంది. ఓ కబడ్డీ ఆటగాడు గాయానికి ముందు ఒక్కో కాలితో 60 కిలోలు ఎత్తేవాడనుకుందాం. ఆరో నెలలో బాగున్న కాలు 48 కిలోలు, సర్జరీ అయిన కాలు 44 ఎత్తాయి. 92 శాతం, పాసైనట్టే! కానీ ఆట మానేసిన నెలల్లో బాగున్న కాలూ బలం కోల్పోయింది. పాత 60తో పోలిస్తే ఆ 44 కిలోలు 73 శాతమే. అందుకే సర్జరీకి ముందే బాగున్న కాలి బలం కొలిచి రాసిపెట్టుకోవడం చాలా అవసరం. ఈ పని చేయించుకోకుండా ఆపరేషన్‌కు వెళ్లడం నిజంగా నష్టం.

ఒంటికాలి గెంతుళ్లదీ అదే తంతు. ముందుకు గెంతే దూరంలో తుంటి, చీలమండ చాలావరకు పని చేసేస్తాయి; మోకాలి లోటు బయటపడదు. ఒంటికాలిపై నిట్టనిలువుగా ఎగరమంటే ఆ లోటు తెలుస్తుంది. దూరంతో పాటు దిగే తీరునూ చూడాలి. మోకాలు లోపలికి ఒరుగుతోందా? మడవకుండా కర్రలా దిగుతున్నారా?

భయాన్నీ కొలుస్తారు. మళ్లీ గాయపడతానన్న బెంగ, ఆడగలనన్న నమ్మకం వంటి వాటిపై 12 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దాన్ని నింపి ఫిజియోతో మాట్లాడటంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అన్నీ నెగ్గినా నేరుగా మ్యాచ్‌లోకి దిగకూడదు. మొదట ఒంటరిగా కదలికలు, తర్వాత ఎవరూ తగలని సాధన, ఆపై పూర్తి ప్రాక్టీస్, చివరికి మ్యాచ్‌లో కొద్ది నిమిషాలు. ఒక్కో మెట్టు ఎక్కిన మర్నాడు పొద్దున్నే రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. వాపు కనిపిస్తే కింది మెట్టుకు దిగి, అది తగ్గేదాకా అక్కడే ఉండాలి.