టైఫాయిడ్ తర్వాత మళ్లీ వంటింట్లోకి: ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఏం రాయాలి?

టైఫాయిడ్‌తో మంచమెక్కి లేచిన హోటల్ పనివాడికి డాక్టరు రాసిచ్చే కాగితంలో ఒక మాట కనిపిస్తుంటుంది: ‘కొన్నాళ్లు లైట్ వర్క్ మాత్రమే చేయాలి’. ఫ్యాక్టరీలోనో గోదాములోనో పనిచేసేవాడికైతే ఆ మాట సరిపోతుంది. బరువులెత్తకుండా కూర్చోబెడతారు. హోటల్ వంటింట్లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ బరువు పని అంటే పొయ్యి దగ్గర నిలబడటం. తేలిక పని అంటే ఉల్లిపాయలు తరగడం, కొత్తిమీర తుంచడం, చట్నీ పోయడం, గ్లాసుల్లో నీళ్లు నింపడం.

ప్రమాదమంతా ఈ తేలిక పనిలోనే ఉంది. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, సాంబారు మరుగుతుంది. ఆ వేడికి టైఫాయిడ్ క్రిమి చచ్చిపోతుంది. రుబ్బి, నీళ్లు కలిపి, తాళింపు పెట్టిన చట్నీ మాత్రం మళ్లీ పొయ్యెక్కదు. పచ్చి ఉల్లిపాయ ముక్క, నిమ్మచెక్క, మజ్జిగ కూడా అంతే. చేతి నుంచి నేరుగా తినేవాళ్ల నోటికి చేరతాయి. నీరసంగా ఉన్న మనిషి మీద దయతో రాసిన మాటే అతణ్ని ఉండకూడని చోట కూర్చోబెడుతుంది.

ఇలాంటి కాగితంలో అక్కర్లేనివి మాత్రం చాలా ఉంటాయి. జబ్బు పేరు, విడాల్ పరీక్షలో వచ్చిన అంకె, వాడిన మందులు, ఆస్పత్రిలో ఎన్నాళ్లున్నాడో ఆ లెక్క. ఇవేవీ తెలిసినంత మాత్రాన ఓనరుకు రేపు పొద్దున ఈ మనిషిని ఏ పనిలో పెట్టాలో తెలియదు. ఆ కాగితం మాత్రం హోటల్ ఫైల్లో ఉండిపోతుంది, ఫొటో తీస్తే పదిమంది ఫోన్లలోకి వెళ్తుంది, తర్వాత చేరబోయే హోటల్ దాకా అతణ్ని వెంటాడుతుంది.

జ్వరం తగ్గితే క్రిమి పోయినట్టేనా?

కాదు. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి తిరుగుతాడు. అయినా కొందరిలో టైఫాయిడ్ క్రిమి వారాల తరబడి మలంలో బయటికి పోతూనే ఉంటుంది. నూటికి ఇద్దరి నుంచి ఐదుగురిలో అది పిత్తాశయంలో తిష్ఠవేసి ఏడాది దాటినా కొనసాగుతుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు కాబట్టి తమలో క్రిమి ఉందని వాళ్లకే తెలియదు.

న్యూయార్క్ వంటమనిషి మేరీ మాలన్ కథ ఇదే. ఆమె వండిన ఇళ్లలో టైఫాయిడ్ వస్తోందని 1907లో గుర్తించి ఆమెను ఏకాంతంలో ఉంచారు. ఇక వంట పని చేయనని మాటిచ్చాక 1910లో వదిలారు. బట్టలుతికే పనిలో కుదిరింది కానీ వంటకు వచ్చినంత జీతం రాలేదు. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రి వంటింట్లో మారుపేరుతో దొరికింది. 1938లో చనిపోయేదాకా మళ్లీ ఏకాంతమే. ‘టైఫాయిడ్ మేరీ’ అంటూ జబ్బు పేరును ఆమె పేరుకు అంటగట్టారు. పేరు బయటపెట్టడం వల్ల రోగం ఆగలేదు. ఆమె పేరు మార్చుకుంది, అంతే. పరిమితి పెట్టినప్పుడు బతుకుతెరువు చూపాలనీ, పరువు కాపాడాలనీ ఆ కథ చెబుతోంది.

క్రిమి పోయిందని తేల్చేది మల కల్చర్ పరీక్ష. విడాల్ పరీక్ష చూసేది క్రిమిని కాదు, దాని మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి ఉంటాయి. అందుకే విడాల్ పాజిటివ్ అని పనికి రానివ్వకపోవడం తప్పు, నెగటివ్ అని వంటింట్లోకి పంపడం కూడా తప్పే. బ్రిటన్‌లో ఆహారం తాకే పనివాళ్లకు పాటించే పద్ధతి ఇలా ఉంటుంది: యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన వారం తర్వాత మొదలుపెట్టి, 48 గంటల ఎడంతో మూడు నమూనాలు ఇవ్వాలి. మూడూ నెగటివ్ రావాలి. మందులు వాడుతుండగానే పరీక్ష చేస్తే క్రిమి తాత్కాలికంగా అణిగి దొరకకపోవచ్చు. వారం ఆగేది అందుకే.

నిబంధనల్లో ఏముంది?

ఆహార వ్యాపారాల లైసెన్సు, రిజిస్ట్రేషన్‌పై 2011లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఆహారం తాకే పనివాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలి. అందుకు ఒక నమూనా పత్రం ఉంది. పరీక్షించిన వ్యక్తికి అంటువ్యాధులేవీ లేవు, ఈ సంస్థలో పనిచేయడానికి అర్హుడు అని డాక్టరు అందులో సంతకం చేస్తారు. జబ్బు పేరు రాసే గడి దానిలో లేదు. పరిమితులు రాసే గడి కూడా లేదు. కల్చర్ ఫలితాలు రాకముందే డాక్టరు దాని మీద సంతకం పెడితే తెలియని విషయాన్ని ధ్రువీకరించినట్టవుతుంది. కాబట్టి జ్వరం తగ్గిన రోజుకూ ఫలితాలు వచ్చే రోజుకూ మధ్య వేరే పత్రం కావాలి.

రెండోది డాక్టర్ల నడవడిపై 2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నిబంధనలు. రోగి రహస్యాన్ని బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశించినా, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉన్నా, ప్రభుత్వానికి తెలపాల్సిన వ్యాధి అయినా మినహాయింపు ఉంది. అంటువ్యాధి సంగతి డాక్టరు చెప్పాల్సింది ప్రజారోగ్య అధికారులకు. హోటల్ ఓనరు ఆ జాబితాలో లేడు. సర్టిఫికెట్ మీద రోగి సంతకమో వేలిముద్రో, ఒక గుర్తింపు చిహ్నమో ఉండాలనీ, దాని నకలు డాక్టరు దగ్గర ఉంచుకోవాలనీ ఆ నిబంధనలే చెబుతున్నాయి.

రెండు పత్రాలతో పని జరిగే తీరు

ఒక టిఫిన్ సెంటర్ చట్నీ మాస్టర్‌ను ఉదాహరణగా ఊహించుకుందాం. యాంటీబయాటిక్ కోర్సు జూన్ 14న ముగిసింది. ఒంట్లో సత్తువ వచ్చింది. ఇంకా ఇంట్లో కూర్చుంటే ఇల్లు గడవదు. జూన్ 15న డాక్టరు ఇవ్వదగిన మొదటి పత్రం ఇలా ఉండొచ్చు:

‘ఈ కింద సంతకం చేసిన, కుడి చెంపపై పుట్టుమచ్చ గల వ్యక్తిని ఈ రోజు పరీక్షించాను. ఆహారం తాకని పనులు చేయడానికి ఈయన నేటి నుంచి అర్హులు. నేను రాతపూర్వకంగా మళ్లీ ధ్రువీకరించే వరకు వంట, కూరగాయలు తరగడం, చట్నీ రుబ్బడం, వడ్డన, పార్సిల్ కట్టడం, తాగునీరు, మజ్జిగ, ఐస్ అందించడం, కడిగిన ప్లేట్లు, గ్లాసులు సర్దడం చేయరాదు. బిల్లులు రాయడం, సీలు వేసిన సరుకు లెక్క చూడటం, బయటి ఆవరణ శుభ్రం చేయడం చేయవచ్చు. తిరిగి చూసే తేదీ జూన్ 30. ఆలోపు కొత్త పత్రం అందకపోతే ఈ పరిమితులు కొనసాగుతాయి. ఇది వార్షిక మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కాదు. ఈయన సమ్మతితో ఇవ్వడమైనది.’

ఇందులో టైఫాయిడ్ అనే మాట లేదు. మల పరీక్ష ప్రస్తావన కూడా లేదు. జబ్బు పేరు దాచి ‘మూడు మల పరీక్షలు నెగటివ్ వచ్చేవరకు’ అని రాస్తే దాచి ప్రయోజనం లేదు, తెలిసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మందు పేరుతోనూ అదే చిక్కు. ల్యాబ్ రిపోర్టులు ఈ కాగితానికి పిన్ చేయకూడదు. అవి డాక్టరు రికార్డులోనూ రోగి చేతిలోనూ ఉంటే చాలు.

పరిమితుల్లో కడిగిన ప్లేట్లు ఎందుకున్నాయో ఓనరుకు వెంటనే తట్టకపోవచ్చు. ఆహారం వడ్డించేది వాటిలోనే కాబట్టి ఆహారాన్ని తాకకపోయినా చేతి క్రిమి అందులోకి చేరుతుంది. బిల్లు కౌంటర్ మీద సోంపు గిన్నె ఉంటే దాన్ని కూడా ఈయన ముట్టుకోకుండా పక్కన పెట్టించాలి. ‘చేతులు బాగా కడుక్కుని పని చేయవచ్చు’ అని రాసి సరిపెట్టడం కుదరదు. చేతులు కడగడం ఎలాగూ తప్పదు, కానీ ఈ దశలో అదొక్కటే చాలదు.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది తేదీ. ‘జూన్ 30 వరకు పరిమితి’ అని రాస్తే జూలై 1 పొద్దున అతడు చట్నీ గిన్నె ముందుంటాడు, ఫలితం వచ్చినా రాకపోయినా. ‘మళ్లీ ధ్రువీకరించే వరకు’ అంటే అలా జరగదు. అలాగని తిరిగి చూసే తేదీ వేయకపోతే ఉద్యోగం గాలిలో వేలాడుతుంది. అందుకే రెండూ ఉండాలి.

జూన్ 21, 23, 25 తేదీల్లో మూడు నమూనాలు ఇచ్చాడనుకుందాం. కల్చర్‌లో క్రిమి పెరుగుతుందో లేదో తేలడానికి కొద్ది రోజులు పడుతుంది. మూడూ నెగటివ్ వస్తే జూన్ 30న రెండో పత్రం: ‘జూన్ 15 నాటి పత్రంలోని పరిమితులన్నీ నేటితో తొలగుతున్నాయి. ఆహారం తాకే పనులతో సహా అన్ని పనులకూ ఈయన అర్హులు.’ అంతకుమించి ఒక్క ముక్క అక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమూనా పత్రం ఇవ్వాల్సి ఉంటే, అందులోని మిగతా పరీక్షలు కూడా పూర్తిచేసి అప్పుడు ఇవ్వొచ్చు.

ఒక్క నమూనా పాజిటివ్ వచ్చినా మొదటి పత్రాన్నే తేదీ మార్చి మళ్లీ ఇవ్వాలి. మాటలు మారకూడదు. మారితే ఏదో తేడా వచ్చిందని చదివినవాళ్లు పసిగడతారు. చికిత్స, తర్వాతి పరీక్షలు డాక్టరు, రోగి చూసుకుంటారు.

ఓనరు అడిగే ప్రశ్న

‘ఏం జబ్బో చెప్పకపోతే నా గిరాకీల సంగతేంటండీ?’ అని ఓనరు అడగడం సహజం. ఆయన భయం న్యాయమైనదే. గిరాకీలను కాపాడేది మాత్రం జబ్బు పేరు కాదు, ఈ మనిషి ఏ పాత్ర ముట్టుకోకూడదో తెలియడం. అది పత్రంలో పూర్తిగా ఉంది. పనివాళ్లలో ఇంకెవరికైనా జ్వరం, విరేచనాలు ఉంటే వాళ్లను కూడా వంట నుంచి తప్పించి డాక్టరుకు చూపించాల్సిందే. దానికి మొదటివాడి జబ్బు పేరు తెలియనక్కర్లేదు. ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఆరా తీయాల్సి వస్తే ఆ పని ప్రజారోగ్య అధికారులది.

చిన్న హోటల్లో ఎవరికి ఏ జ్వరం వచ్చిందో అందరికీ ముందే తెలిసిపోతుందన్నది నిజమే. అయినా నోటిమాట నాలుగు రోజులకు మరుగున పడుతుంది, డాక్టరు సంతకంతో ఉన్న కాగితం పడదు. జబ్బు పేరు కాగితానికెక్కి ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట పనివాళ్లు జ్వరాన్ని దాచి, గోలీలు మింగి పనిలోకి వస్తారు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవాళ్లు అర్హతను బట్టి అనారోగ్య సెలవు కాలానికి జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదిలో 91 రోజుల వరకు పొందవచ్చు. ఆ సౌకర్యం లేనివాళ్లకు ఆహారం తాకని పని చూపించడమే ఆధారం.

ఈ పత్రం చేతికొచ్చినప్పుడు క్లినిక్ గడప దాటకముందే ఒకసారి చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. ఏ పనులు చేయకూడదో, ఏవి చేయొచ్చో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఈ మూడూ స్పష్టంగా ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా రాయించండి. జబ్బు పేరు, పరీక్ష పేరు, మందు పేరు కనిపిస్తే అవి లేకుండా తిరగరాసి ఇమ్మని డాక్టరు గారిని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.