పదిమంది సొమ్ముతో ఆట: ముందు పద్దు, తరువాత పేజీ



పుస్తకం అచ్చు వేయించుకునే స్తోమత లేని రచయితలు ముందుగానే చందాదార్లను పోగు చేసుకునేవారని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పగా మీరు వినే ఉంటారు. "ఇప్పుడు మీరు డబ్బివ్వండి, అచ్చవగానే మొదటి ప్రతి మీకే" అని ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ పద్ధతే ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చి క్రౌడ్ ఫండింగ్ అనే పేరు పెట్టుకుంది. ఒక పేజీ తయారు చేసి, బొమ్మలు పెట్టి, "ఇంత సొమ్ము కూడితే ఈ వస్తువు చేసి మీకు పంపిస్తాను" అని రాస్తారు. నచ్చినవాళ్ళు ముందే డబ్బు కడతారు. ఇంట్లో కూర్చుని ఆడుకునే బోర్డు ఆటలు ఈ దారిన చాలా వస్తున్నాయి.

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి అలాంటి ఆట ఒకటి తయారు చేసింది. ఆవకాయ పెట్టడం మీద ఆట. మామిడికాయలు బేరమాడి కొనాలి, వాన పడకముందే ముక్కలు ఆరాలి, జాడీ ముందు నిండినవాళ్ళు గెలిచినట్టు. ఒక అట్ట బోర్డు, 54 కార్డులు, రెండు పాచికలు, కొన్ని అట్ట బిళ్ళలు. మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ కూడా సరదాగానే ఆడాం. "పిన్నిగారూ, పేజీ రాశాను, తప్పులుంటే దిద్దిపెట్టండి" అని తీసుకొచ్చింది. తెలుగు చక్కగానే ఉంది. తప్పల్లా లెక్కలో ఉంది.

ఆ పేజీలో 99,000 రూపాయలు కూడితే చాలని రాసింది. ఆట ధర 499, కొరియరు ఉచితం. "ఈ 99,000 ఎలా వచ్చిందమ్మాయ్?" అన్నాను. ప్రెస్సువాళ్ళు 300కు తక్కువైతే వెయ్యమన్నారట. పెట్టె, బోర్డు, కార్డులు, బిళ్ళలు అన్నీ కలిపి ఒక్కోదానికి 330 రూపాయలట. మూడు వందల ముప్ఫైని మూడు వందలతో హెచ్చిస్తే 99,000. అంతే, అక్కడితో ఆగిపోయింది.

ఇద్దరం కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం. అట్టపెట్టె, బుడగల కవరు కలిపి పార్సిలుకి 30. కొరియరు దగ్గర ఊళ్ళకీ దూరపు ఊళ్ళకీ సగటున 110. మూడు వందల పార్సిళ్ళకి ఈ రెండే 42,000 అయ్యాయి. బొమ్మలు వేసిన కుర్రాడికి ఒప్పుకున్నది 30,000. అచ్చుకు ముందు నమూనాలు తీయించడానికి 6,000. దారిలో నలిగిపోయేవీ, తప్పిపోయేవీ ఉంటాయి గనక వాటికి బదులు పంపడానికి ఒక 9,000 పక్కన పెట్టాం. మొత్తం 1,86,000 తేలింది. ఆపైన సైటువాళ్ళు, బ్యాంకువాళ్ళు తమ వంతు పట్టుకుంటారు. ఆమె ఎంచుకున్న చోట అది నూటికి 8 రూపాయలు. అంటే చేతికి 1,86,000 రావాలంటే పేజీలో సుమారు 2,02,000 కూడాలి. పన్నుల సంగతి ఆడిటరుని అడిగి మరో వరుస చేర్చుకోమన్నాను.

పాత పేజీ అలాగే పెట్టి ఉంటే ఏమయ్యేదో చూడండి. 99,000 కూడగానే "గెలిచాం" అని సంబరపడేది. అందులో సైటు రుసుము పోను చేతికొచ్చేది 91,000. అచ్చుకే చాలదు! పోనీ 300 మందీ వచ్చి 499 చొప్పున కట్టారనుకుందాం. రుసుము పోను 1,38,000 కూడా రాదు. నలభై ఎనిమిది వేల పైచిలుకు లోటు. ఆ లోటు ఎవరి గాజులు కుదువపెట్టి పూడ్చాలి?

"తక్కువ రాస్తేనే కదా పిన్నిగారూ, త్వరగా కూడుతుంది!" అంది. అది నిజమే. చాలా చోట్ల అనుకున్న మొత్తం కూడకపోతే ఒక్క పైసా చేతికి రాదు. ఆ భయంతోనే అంకె తగ్గించి రాస్తారు. కానీ కూడకపోతే ఎవరి డబ్బు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. చాలని మొత్తం కూడితేనే అసలు చిక్కు. అందరి డబ్బూ తీసుకుంటాం, వస్తువు మాత్రం చేయలేం. అందుకని ధర కొరియరుతో కలిపి 700 అని, లక్ష్యం 2,02,000 అని మార్చాం. ఆ మొత్తానికి 289 మంది చాలు. మిగిలే 11 ఆటలు నలిగినవాటికి బదులు పంపడానికి పనికొస్తాయి.

తరువాత వచ్చింది స్ట్రెచ్ గోల్సు సంగతి. అనుకున్నదానికన్నా ఎక్కువ డబ్బు కూడితే అదనంగా ఇస్తామని చెప్పే కానుకలన్నమాట. మన అమ్మాయి "3 లక్షలు దాటితే ఆరు కొత్త కార్డులు, అట్ట బిళ్ళలకి బదులు చెక్క బొమ్మలు, అందరికీ ఉచితం" అని రాసింది. చూడ్డానికి చిన్నవే. ఆరు కార్డులెంత, నాలుగు చెక్క ముక్కలెంత అనిపిస్తుంది.

కార్డులు ఒక్కొక్కటిగా అచ్చు వెయ్యరు. పెద్ద షీటు మీద వేసి కోస్తారు. ఈ ప్రెస్సులో ఒక షీటుకి 54 పడతాయి. ఆమె ఆటలో సరిగ్గా 54 ఉన్నాయి. ఇంకో ఆరు కావాలంటే రెండో షీటు ఎక్కించాలి. ఆరు కార్డులకి ఆటకి 40 రూపాయలు పెరిగింది. చెక్క బొమ్మలకి 35. అంతటితో ఆగలేదు. కొరియరువాళ్ళు బరువొక్కటే చూడరు, పార్సిలు ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5,000తో భాగిస్తే వచ్చేదాన్ని కిలోలుగా లెక్క కడతారు. 25, 24, 4 సెంటీమీటర్ల పార్సిలు 480 గ్రాముల కిందికి వస్తుంది, అరకిలో ధర. చెక్క బొమ్మలు పట్టడానికి ఎత్తు ఒక్క సెంటీమీటరు పెంచామా, అది 600 గ్రాములైంది. అరకిలో దాటింది గనక కిలో ధర కట్టాలి. పార్సిలుకి మరో 45. వెరసి ఒక్కో ఆట మీద 120 రూపాయల ఖర్చు పెరిగింది.

మూడు లక్షలు అంటే సుమారు 429 మంది. అందరికీ ఇవ్వాలి గదా, 51,000 దాటింది. మరి అదనంగా వచ్చిన 140 మంది వల్ల మిగిలేదెంత? ఒక్కొక్కరి 700లో రుసుము పోను 644. అచ్చుకీ, ప్యాకింగుకీ, కొరియరుకీ 470 పోతే 174 మిగులు. నూట నలభై మందికి 24,000 పైచిలుకు. చేతికొచ్చేది ఇరవై నాలుగు వేలు, ఇస్తామన్న కానుకలు యాభై ఒక్క వేలు! జనం ఎక్కువ వచ్చి కూడా నష్టపోయే వింత ఇది. డబ్బు కూడలేదని కాక, బాగా కూడిందనే దెబ్బతిన్నవాళ్ళు ఇలాగే దెబ్బతింటారు.

అయితే కానుకలే వద్దా? వద్దనడం లేదు. ప్రెస్సులో 300కి ఒక ధర, 500కి ఒక ధర ఉంటుంది. ప్లేట్ల ఖర్చు, మిషను ఎక్కించే ఖర్చు ఎక్కువ ప్రతుల మీద పంచుకుంటాయి గనక ఒక్కోదాని ధర దిగుతుంది. ఆ దిగిన మేరకే కానుక ఇవ్వాలి. అదీ బరువు, ఎత్తు పెరగని కానుక అయితే మంచిది. కార్డులకి నునుపు పూత వేయించడం అలాంటిది. పేజీలో ఇలా రాయించాను: "500 ఆటలకి ఆర్డరు చేరితే ప్రెస్సు ధర తగ్గుతుంది. ఆ తగ్గిన డబ్బుతో కార్డులకి పూత వేయిస్తాం. ఇంతకు మించి ఏమీ చేర్చం. చేరిస్తే మీకు అందడం ఆలస్యమవుతుంది."

ఇక మూడోది తేదీ. జూన్ ఆఖరుకి చందాలు ముగిస్తే "దసరాకి మీ ఇంట్లో" అని రాసింది. లెక్కేద్దాం అన్నాను. డబ్బు చేతికి రావడానికి రెండు వారాలు. ఫైళ్ళు సరిచూసి ఇవ్వడానికి మరో రెండు. నమూనా వచ్చి, రంగులు తేడాగా ఉంటే మళ్ళీ తీయించడానికి నాలుగు. అచ్చుకి ఆరు లేక ఏడు. అప్పటికే అక్టోబరు మధ్య. ఆపైన పండుగ సెలవులు, ఆ వెనకే ప్రెస్సుల్లో క్యాలెండర్ల, డైరీల రద్దీ. చిన్న ఆర్డరు వెనక్కి జరిగేది అప్పుడే. అన్ని పార్సిళ్ళు కట్టడానికి ఇంట్లోవాళ్ళందరం కూర్చున్నా రెండు మూడు వారాలు. అంతా సవ్యంగా జరిగితేనే నవంబరు. అందుకని "డిసెంబరు ఆఖరు" అని రాసి, కింద ఈ మెట్లన్నీ విడివిడిగా వేయించాను. ఏ మెట్టు దగ్గర ఆలస్యమైందో చదివేవాళ్ళే పోల్చుకుంటారు.

ఆలస్యం ఎలాగూ అవుతుంది. అయినప్పుడు ఏం చెప్పాలో కూడా ముందే రాసుకోవాలి. "కొన్ని అనివార్య కారణాల వల్ల" అన్న మాట రాయొద్దన్నాను. నమూనాలో ఎరుపు రంగు తేలిపోయింది, రెండోసారి తీయిస్తున్నాం, ఫలానా తేదీకి వస్తుంది, మీ డబ్బులో ఇంత ఖర్చయింది, ఇంత ఉంది. ఈ నాలుగు ముక్కలూ చాలు. నెలకో ఉత్తరం, చెప్పడానికి ఏమీ లేని నెలలో కూడా. డబ్బు తిరిగి అడిగితే ఎంతవరకు ఇవ్వగలమో, అచ్చు మొదలయ్యాక ఎందుకు ఇవ్వలేమో కూడా పేజీలోనే ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? అమెరికాలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2012లో కిక్‌స్టార్టర్ అనే సైటులో "ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ" అనే బోర్డు ఆటకి 35,000 డాలర్లు అడిగితే 1,246 మంది కలిసి లక్షా 22 వేల డాలర్లకు పైగా ఇచ్చారు. అడిగినదానికి మూడు రెట్లకు మించి. మరుసటి సంవత్సరం, 2013లో, ఆట రావడం లేదని ప్రకటన వచ్చింది. ఆ సొమ్ములో చాలా భాగం ఇంటి అద్దెకీ, సొంత ఖర్చులకీ పోయిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2015లో ఆ వ్యవహారం లక్షా 11 వేల డాలర్ల పైచిలుకు తీర్పుతో ముగిసింది. కట్టే స్తోమత లేదని ఆ వసూలు నిలిపివేశారు. క్రౌడ్ ఫండింగ్ మీద ఆ కమిషన్ చర్య తీసుకోవడం అదే మొదలు. తరువాత మరో ప్రచురణ సంస్థ ఆ ఆటను వేసి డబ్బిచ్చినవాళ్ళకి అందజేసింది గనక వాళ్ళకి కొంత ఊరట.

అక్కడ ఆరోపణ మోసం గురించి. మన అమ్మాయికి అలాంటి ఉద్దేశం కలలో కూడా లేదు. కానీ లెక్క తప్పిన పేజీ మంచి మనసుతో రాసినా చివరికి "డబ్బు అయిపోయింది, ఆట రాదు" అన్న మాట దగ్గరికే తీసుకుపోతుంది. డబ్బు కట్టినవాళ్ళకి రెండూ ఒకటే.

ఇప్పుడు ఆ పేజీలో ఆట బొమ్మ కిందనే ఖర్చు పట్టీ ఉంది. మీ 700లో అచ్చుకెంత, కొరియరుకెంత, బొమ్మలకెంత, సైటుకెంత అని. "ఇంత విప్పి చెబితే కొనేవాళ్ళు వెనకాడరా?" అని వాళ్ళ అత్తగారు సందేహపడ్డారు. కొందరు వెనకాడవచ్చు. వెనకాడినవాళ్ళు ఇప్పుడే వెనకాడతారు, డబ్బు కట్టాక కాదు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పేజీకి డబ్బు కట్టబోతుంటే, ముందు ఆ పట్టీ ఉందో లేదో చూడమనండి.

సెలవు.