యాప్ తీసేసినా డబ్బు ఎందుకు కట్ అవుతోంది?

ఇంగ్లిష్ నేర్పే ఒక యాప్‌లో అమ్మాయి వారం రోజుల ఫ్రీ ట్రయల్ తీసుకుంది. నచ్చలేదని ఫోన్‌లోంచి యాప్ తీసేసింది. అయినా నెలనెలా నాన్న ఖాతాలోంచి 299 రూపాయలు పోతూనే ఉన్నాయి. ఆయన కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి చూస్తే రద్దు చేసే బటనే కనిపించలేదు. కస్టమర్ కేర్‌ను అడిగితే, ‘మీరు ప్లే స్టోర్‌లో కొన్నారు, అక్కడే రద్దు చేసుకోండి’ అన్నారు.

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. యాప్ లోపల కొన్న సబ్‌స్క్రిప్షన్‌కు డబ్బు వసూలు చేసేది గూగుల్ లేదా ఆపిల్. యాప్ తీసేస్తే ఫోన్‌లో జాగా ఖాళీ అవుతుందే కానీ ఆ లెక్క ఆగదు. బ్యాంకు మెసేజ్‌లో కంపెనీ పేరు కాకుండా గూగుల్ లేదా ఆపిల్ పేరుంటే, వెళ్లాల్సింది స్టోర్‌కేనని గుర్తు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. Payments & subscriptions, తర్వాత Subscriptions లోకి వెళ్లి, ఆ యాప్‌ను ఎంచుకుని Cancel subscription నొక్కాలి. ఐఫోన్‌లో అయితే Settings లో పైనున్న మీ పేరు నొక్కితే Subscriptions కనిపిస్తుంది.

జాబితా ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలుంటే, ఏ ఖాతాతో కొన్నారో అందులోనే అది కనిపిస్తుంది. ఒక్కో మెయిల్‌లో GPA అని వెతకండి. గూగుల్ ప్లే రసీదుల ఆర్డర్ నంబర్లు ఆ అక్షరాలతోనే మొదలవుతాయి. రసీదు దొరికిన ఖాతాకు ప్లే స్టోర్‌లో మారితే సబ్‌స్క్రిప్షన్ బయటపడుతుంది. పై ఇంట్లో అది అమ్మాయి స్కూలు పనికి తెరిచిన జీమెయిల్‌లో ఉంది. ఆ ఫోన్ ఇప్పుడు లేకపోయినా, అదే ఖాతాతో కంప్యూటర్‌లో play.google.com తెరిచి రద్దు చేయవచ్చు.

యూపీఐ యాప్‌లో ఆటోపే ఒక్కటే ఆపి ఊరుకోవడం సరికాదు. డబ్బు పోదు కానీ, స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ వెంటనే ముగియదు, డబ్బు కట్టమని గుర్తుచేస్తూనే ఉంటుంది. ముందు స్టోర్‌లో రద్దు చేసి, ఆ తర్వాత ఆటోపే సంగతి చూడండి.

రద్దయిందో లేదో మెయిల్‌లో వచ్చే సమాచారంతో తెలుస్తుంది. స్టోర్‌లో కూడా గడువు ముగిసే తేదీ కనిపిస్తుంది. సాధారణంగా అప్పటివరకు కట్టిన డబ్బుకు సేవ అందుతుంది. రద్దు చేసినంత మాత్రాన పోయిన డబ్బు తిరిగి రాదు. రిఫండ్ కావాలంటే స్టోర్‌కు విడిగా అర్జీ పెట్టుకోవాలి, ఆలస్యమైతే అవకాశం తగ్గుతుంది.

ఫ్రీ ట్రయల్ అయితే చివరి రోజుదాకా ఆగొద్దు. గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయమని ఆపిల్ చెబుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ అదే పాటిస్తే మంచిది.