48 బస్తాలా, 31 బస్తాలా?

ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్న మా బామ్మర్ది ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. గొంతులో కోపం వినిపిస్తోంది. "బావా, స్లాబు లెక్క నేనే వేసుకున్నాను. 31 బస్తాలు చాలు. మేస్త్రీ 48 అంటున్నాడు. 17 బస్తాలు మింగేద్దామనుకుంటున్నాడా ఏంటి?"

లెక్క చెప్పమన్నాను. స్లాబు పొడవు 25 అడుగులు, వెడల్పు 20, మందం 5 అంగుళాలు. గోడల మీద నేరుగా కూర్చునే స్లాబు కాబట్టి బీముల గొడవ లేదు. మొత్తం 208 ఘనపుటడుగులు. ఘనపు మీటరుకి 35.31 ఘనపుటడుగులు కాబట్టి 5.9 ఘనపు మీటర్లు. ఇంతవరకూ బాగానే చేశాడు. ఆ తర్వాత ఎం20 కాంక్రీటంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర అని ఎక్కడో చదివాడు. మొత్తం ఐదున్నర పాళ్లు. అందులో సిమెంటు ఒక్క పాలే కదా అని ఘనపు మీటరుని 5.5తో భాగించేశాడు. మీటరుకి ఐదుంబావు బస్తాల లోపే వచ్చాయి, స్లాబుకి 31.

"లెక్క తప్పలేదురా, కంకర సంగతే మర్చిపోయావు" అన్నాను.

వంద లీటర్లు పట్టే డ్రమ్ములో 20 ఎం.ఎం. కంకర నింపి, పైన పలక పెట్టి చదును చేశామనుకోండి. చూడ్డానికి డ్రమ్ము నిండింది. ఇప్పుడు అందులో నీళ్లు పోస్తే దాదాపు 45 లీటర్లు పడతాయి. అంటే అక్కడ రాయి ఉన్నది 55 లీటర్లే, మిగతాది రాళ్ల మధ్య ఖాళీ. ఇసుకలోనూ అంతే, ఖాళీలు కంటికి కనబడవు గానీ ఉంటాయి. సిమెంటు పొడిలో అయితే సగానికి పైగా గాలే. ఈ మూడూ నీళ్లతో కలిసినప్పుడు కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు ముద్ద దూరిపోతాయి. విడివిడిగా పెద్ద కుప్పలుగా కనిపించినవి కలిశాక చిన్నవైపోతాయి. అందుకే ఒక ఘనపు మీటరు తడి కాంక్రీటు రావాలంటే పొడి సరుకు ఒక మీటరు చాలదు. సుమారు 1.54 ఘనపు మీటర్లు కావాలి. సివిల్ ఇంజినీర్లు కళ్లు మూసుకుని వాడే ఆ 1.54 ఇదే. కొందరు 1.52 అంటారు, కొందరు 1.57. కంకర ఆకారాన్ని బట్టి, ఇసుక సన్నమా దొడ్డా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. ఆ తేడా రెండు శాతమే కాబట్టి దాని గురించి కొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క సులువు. 1.54ని 5.5తో భాగిస్తే 0.28. సిమెంటు అంత, అంటే 0.28 ఘనపు మీటర్లు. ఇసుక దానికి ఒకటిన్నర రెట్లు, 0.42. కంకర మూడు రెట్లు, 0.84. మూడూ కూడితే మళ్లీ 1.54 రావాలి, వచ్చింది. వదులుగా ఉన్న సిమెంటు ఘనపు మీటరు 1440 కిలోలు తూగుతుంది. 0.28ని 1440తో గుణిస్తే 403 కిలోలు. బస్తా 50 కిలోలు కాబట్టి ఎనిమిది బస్తాల చిల్లర. ట్రాక్టరు లెక్కలో ఇసుక 15 ఘనపుటడుగుల లోపు, కంకర 30 లోపు. ఒక మీటరుకి ఎనిమిదైతే 5.9 మీటర్లకి 48 బస్తాలు. మేస్త్రీ ఏ కాగితమూ పట్టకుండా చెప్పిందీ అదే.

ఈ 1.54 నిజంగా మీటరు కాంక్రీటే ఇస్తుందా అని అనుమానం రావచ్చు. నాకూ ఒకప్పుడు వచ్చింది. గాలి తీసేసి, గట్టి పదార్థం మాత్రమే లెక్కేస్తే తేలిపోతుంది. 280 లీటర్ల సిమెంటులో గట్టి పదార్థం 128 లీటర్లు. 420 లీటర్ల పొడి ఇసుకలో సుమారు 238. 840 లీటర్ల కంకరలో 450. బస్తాకి 25 లీటర్ల చొప్పున నీళ్లు 200. ఎంత కుదించినా లోపల మిగిలిపోయే గాలి ఓ 20. మొత్తం 1036 లీటర్లు. మీటరు మీద 36 లీటర్లు మిగులు. మిల్లర్ దగ్గర ఒలికేది, తట్టలకి అంటుకుపోయేది, సెంట్రింగ్ సందుల్లోంచి కారేది ఈ మూడున్నర శాతంలోంచే పోవాలి. 1.54లో వృథాకి చోటుంది గానీ, చాలా కొంచెమే.

సరే, మేస్త్రీ దొంగ కాదని తేలింది. 48 బస్తాలు దించారు. ఇసుక ఒక ట్రాక్టరు, కంకర రెండు. స్లాబు పొద్దున మొదలైంది. సాయంత్రం చీకటి పడే వేళకి మళ్లీ ఫోన్. సిమెంటు అయిపోయింది, ఓ మూల నాలుగడుగులకి నాలుగడుగులు మిగిలిపోయింది. కొట్టు కట్టేశారు. ఇసుక మాత్రం ఒక్క ట్రాక్టరుతో సరిపోయి, అడుగున కాస్త మిగిలింది కూడానట.

ఆ ఆఖరి మాట దగ్గర నాకు విషయం అర్థమైంది. 48 బస్తాలకి 0.42 చొప్పున లెక్కేస్తే 87 ఘనపుటడుగుల చిల్లర ఇసుక కావాలి. ట్రాలీ కొలిస్తే 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, ఒకటిన్నర లోతు, అంటే 90. కాగితం మీద కచ్చితంగా సరిపోయింది. కానీ లెక్కలో ఉన్నది పొడి ఇసుక. ట్రాలీలో వచ్చింది తడి ఇసుక.

తడి ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని ఒకదానికొకటి దూరంగా నెడుతుంది. ఇసుక పెరగదు, కుప్ప పెరుగుతుంది. నాలుగైదు శాతం తేమ ఉంటే చాలు, ఇసుక పరిమాణం ఇరవై నుంచి ముప్పై శాతం దాకా పెరగొచ్చు. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ. విచిత్రమేమంటే, పూర్తిగా నీళ్లలో మునిగిన ఇసుక మళ్లీ పొడి ఇసుక ఎంతుంటుందో అంతే ఉంటుంది. పరీక్ష పెట్టడానికి ఈ గుణమే ఆధారం.

నిటారు గోడలున్న స్టీలు డబ్బా ఒకటి తీసుకోండి. కుప్ప లోపలి నుంచి తడి ఇసుక తీసి, నొక్కకుండా, 20 సెంటీమీటర్ల ఎత్తు వరకూ పోయండి. దాన్ని పక్కన పళ్లెంలో బోర్లించి, డబ్బాలో సగం నీళ్లు పోసి, ఇసుకని మళ్లీ కొంచెం కొంచెంగా అందులో వేస్తూ పుల్లతో కలపండి. తేరుకున్నాక ఎత్తు కొలవండి. 16 సెంటీమీటర్లకి దిగిందంటే, 20ని 16తో భాగిస్తే 1.25. ఇసుక పాతిక శాతం ఉబ్బి ఉంది. ఇక పొడి లెక్కలో 0.42 కావాల్సిన చోట తడి ఇసుక 0.525 కొలిచి వేయాలి. మా వాడి స్లాబుకి 87 కాదు, 109 ఘనపుటడుగులు. రెండో ట్రాక్టరు కావాల్సిందే.

అది వేయలేదు కాబట్టి ఏమైంది? ప్రతి మీటరులోనూ 420 లీటర్ల ఇసుక అనుకుని నిజానికి 336 లీటర్లే వేశారు. గట్టి పదార్థంలో 48 లీటర్లు తగ్గింది. 1036 కావాల్సింది 988 అయింది. ఆ మూడున్నర శాతం మిగులు పోయి ఇంకా లోటు పడింది. ఒలకబోత ఎటూ ఉండేదే. మూల మిగిలిపోక ఏమవుతుంది! పైగా ఇసుక తక్కువైన కాంక్రీటు గరుకుగా ఉంటుంది. పారతో లాగితే రాళ్లు విడిపోతాయి, తాపీకి లొంగదు. పనివాళ్లు వెంటనే చేసేది ఒక మగ్గు నీళ్లు ఎక్కువ పోయడం. దాంతో బలం పడిపోతుంది. నిజానికి ఇసుకే మీటరుకి 30 లీటర్ల నీళ్లు మోసుకొస్తోంది కాబట్టి బస్తాకి నాలుగు లీటర్లు తగ్గించి పోయాలి.

ఇసుక చాలినా సిమెంటు ముందే అయిపోతుంటే ఉబ్బు సంగతి చూడండి. ఇసుకా కంకరా కూడా ఒకేసారి అయిపోతుంటే మందం చూడండి. సెంట్రింగ్ అరంగుళం కుంగి, 5 అంగుళాల స్లాబు ఐదున్నర అయితే పది శాతం కాంక్రీటు అదనంగా మింగేస్తుంది. ఏ లెక్కా దాన్ని ఆదుకోలేదు.

తట్టలతో కొలవడం గురించి కూడా ఒక మాట. ఒక పనివాడి తట్ట గోపురంలా ఉంటుంది, ఇంకొకడిది సగమే ఉంటుంది. 50 కిలోల బస్తా సిమెంటు వదులుగా పోస్తే దాదాపు 35 లీటర్లు. 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 లోతు ఉన్న చెక్కపెట్టె సరిగ్గా 35 లీటర్లే. బస్తాకి ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర, పైన కర్రతో చదును చేసి వేయాలి. ఇసుక పాతిక శాతం ఉబ్బి ఉంటే ఒకటిన్నర కాస్తా రెండు పెట్టెలకి కొంచెం తక్కువవుతుంది. పెట్టె చేయించడానికి వడ్రంగికి అరపూట చాలు.

ఐఎస్ 456 ఈ నామినల్ మిక్స్‌ని తూకంలోనే చెబుతుంది. ఎం20కి బస్తా సిమెంటుకి ఇసుక, కంకర కలిపి 250 కిలోలు మించకూడదు, నీళ్లు 30 లీటర్లు మించకూడదు. మన లెక్కలో పొడి ఇసుక 78, కంకర 151, మొత్తం 229. హద్దు లోపలే ఉన్నాం. ఆ ప్రమాణం ప్రకారమే నామినల్ మిక్స్ ఎం20 దాకానే చెల్లుతుంది. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఉప్పుగాలి నేరుగా తగిలే చోట ఇల్లయితే ఇనుము పెట్టే కాంక్రీటుకి ఎం30 అడుగుతుంది. అక్కడ 1.54 లెక్క కట్టిపెట్టి, ల్యాబులో మిక్స్ డిజైన్ చేయించుకోవాలి. అలాగే ప్లాస్టరింగ్‌కి ఈ 1.54 వాడకండి. అందులో కంకర ఉండదు కాబట్టి అక్కడ సాధారణంగా 1.33 తీసుకుంటారు.

మా వాడు మర్నాడు పొద్దున రెండు బస్తాలు తెచ్చి ఆ మూల పూర్తి చేశాడు. పాత కాంక్రీటుకీ కొత్తదానికీ మధ్య అతుకు పడిపోయింది. వానాకాలంలో ఆ మూల సీలింగ్ మీద నాలుగడుగుల చతురం చెమ్మ గీతగా ఇప్పటికీ కనిపిస్తుంది.