‘చిక్కిపోయాడు’ అని రాస్తే చాలదు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివే మెడికల్ కోడర్లకు మాటిమాటికీ ఎదురయ్యే కేసు ఒకటి చెబుతాను. వివరాలు మార్చాను, విషయం మాత్రం అదే.

68 ఏళ్ల పెద్దాయన. ఏళ్ల తరబడి సీఓపీడీ. ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరాడు. మూడు నెలల కిందట క్లినిక్‌లో తూచినప్పుడు 72 కిలోలు, చేరిన రోజు 63. అంటే పన్నెండున్నర శాతం బరువు పోయింది. రెండు నెలలుగా సగం తిండి కూడా తినడం లేదని భార్య చెప్పింది. డైటీషియన్ వచ్చి చేత్తో తడిమి చూసింది. కణతలు లోపలికి పోయాయి, భుజాల కండ కరిగి ఎముక మొన తేలింది. ఇదంతా వివరంగా రాసి, ‘తీవ్రమైన పోషకాహార లోపం’ అని తేల్చింది. డాక్టరు ఆమె చెప్పిన పోషక పానీయాలకు ఆర్డర్ పెట్టాడు. కానీ తన నోట్‌లో రాసుకున్నది ఒక్క ముక్కే: ‘మనిషి చిక్కిపోయాడు, ఆకలి లేదు.’ డిశ్చార్జ్ సమ్మరీలో అదీ లేదు.

ఇక్కడే కోడర్ చేతులు కట్టేసినట్టవుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం బీఎంఐ అంకెను డైటీషియన్ నోట్ నుంచి తీసుకోవచ్చు. జబ్బు పేరు మాత్రం వైద్యం చేస్తున్న డాక్టరే రాయాలి. ఆయన రాయకపోతే, ఎన్ని ఆధారాలున్నా రికార్డులో ఆ జబ్బు లేనట్టే.

లేకపోతే ఏమవుతుంది? అక్కడి మెడికేర్ ప్రతి మందుకూ సూదికీ విడిగా డబ్బివ్వదు. జబ్బుల తీవ్రతను బట్టి మొత్తం అడ్మిషన్‌కు ఒకే మొత్తం కడుతుంది. తీవ్ర పోషకాహార లోపం కోడ్ E43 పెద్ద కాంప్లికేషన్ల వరుసలో ఉంటుంది, మధ్యస్థమైన దాని కోడ్ E44.0 ఒక మెట్టు కింద. డబ్బు ఒక్కటే కాదు. రేపు ఈ పెద్దాయన మళ్లీ ఆసుపత్రిలో చేరినా, చనిపోయినా, ‘అంత జబ్బు మనిషి కాదే, ఎందుకిలా జరిగింది?’ అని లెక్కలు ఆసుపత్రినే వేలెత్తి చూపుతాయి. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది వేరే ఉంది. తర్వాత ఆయన్ని చూసే డాక్టరుకు సమ్మరీ తప్ప మరో కబురు అందదు. పోషక పానీయం ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు డాక్టరుకు క్వెరీ పంపుతారు. అందులో బరువులు, తిండి, కండ వివరాలు ఉన్నవున్నట్టు పెట్టి, ‘వీటిని బట్టి మీ నిర్ధారణ ఏమిటి?’ అని అడగాలి. తీవ్రం, మధ్యస్థం, మరొకటి, చెప్పలేను అని అన్ని దారులూ తెరిచి ఉంచాలి. ‘తీవ్రం అని రాయండి’ అని అడగకూడదు, డబ్బు ప్రస్తావన అసలే తేకూడదు.

డాక్టరు రాయాల్సిన జవాబు పెద్దదేమీ కాదు: ‘దీర్ఘకాలిక జబ్బు వల్ల తీవ్ర పోషకాహార లోపం. మూడు నెలల్లో 12.5 శాతం బరువు తగ్గింది, కణతల్లో, భుజాల్లో కండ బాగా కరిగింది. రోజుకు మూడుసార్లు పోషక పానీయం, వారానికోసారి తూకం.’ అమెరికా డైటీషియన్ల, పోషణ నిపుణుల సంఘాలు 2012లో కలిసి ఇచ్చిన ప్రమాణం ఆరు లక్షణాలు చెబుతుంది. తిండి తగ్గడం, బరువు తగ్గడం, కొవ్వు కరగడం, కండ కరగడం, ఒంట్లో నీరు చేరడం, పిడికిలి పట్టు సడలడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. దీర్ఘకాలిక జబ్బులో మూడు నెలల్లో ఏడున్నర శాతం దాటి బరువు పోతే అది తీవ్రం కిందికి వస్తుంది. మన పెద్దాయన ఆ గీత ఎప్పుడో దాటాడు. ఆల్బుమిన్ తగ్గిందని చూపిస్తే ఇప్పుడు చెల్లదు. ఒంట్లో వాపో ఇన్‌ఫెక్షనో ఉన్నా అది పడిపోతుంది.

ఎదుటి వైపు తప్పు కూడా అంతే బరువైనది. గుండె జబ్బుతో నీరు పట్టి వచ్చిన మనిషికి మందులతో నీరు దిగి ఆరు కిలోలు తగ్గితే, అది కండ పోవడం కాదు. ఆ అంకె చూసి E43 వేస్తే ఆడిట్‌లో నిలవదు. అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2016, 2017 ఆర్థిక సంవత్సరాల క్లెయిముల్లోంచి తీవ్ర పోషకాహార లోపం కోడ్ ఉన్న 200 తీసి చూస్తే 173 తప్పని తేలాయి. మెడికేర్ అదనంగా కట్టింది దాదాపు వంద కోట్ల డాలర్లని 2020లో లెక్క వేసింది. ఆధారమూ వైద్యమూ లేకుండా పేరు ఒక్కటే రాస్తే జరిగేది అదే.

అమెరికాలో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు నా మనవి ఒక్కటే. డైటీషియన్ నోట్ చదవండి, మీరూ ఒకసారి ఆ భుజం తడిమి చూడండి, ఒప్పుకుంటే మీ మాటల్లో రాయండి, ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి. రాసింది డిశ్చార్జ్ సమ్మరీ దాకా వెళ్లేలా చూడండి.